మెసేజ్ సంగతి సరే, నీ ఫీల్డ్ విజిట్లు ఏమయ్యాయి?

“మేడమ్, మాది కడప. ప్రైవేటు ఫైనాన్స్ ఆఫీసులో ఆరేళ్లుగా చేస్తున్నాను. సోమవారం ప్రొద్దుటూరు నుంచి కొత్తమ్మాయి చేరుతోంది, మొదటి ఉద్యోగమట. మొదటి వారం ఎలాంటి బట్టలు వేసుకోవాలో మెసేజ్ రాసి పంపమని మేనేజర్ సార్ నాకు చెప్పారు. రాసి మా ఆయనకు చూపిస్తే ‘చీరే కట్టుకోవాలి, లెగ్గింగ్స్ వద్దు, లిప్‌స్టిక్ వద్దు’ అని చేర్పించారు. నేను కూడా చీరలోనే వెళ్తాను, డ్రెస్ వేసుకుంటే ఆయనకు నచ్చదు. అందుకే ఊళ్లకు ఫీల్డ్ విజిట్లకు వెళ్లడం మానేశాను, నాకేం ఇబ్బంది లేదు. మెసేజ్ చూసి ఆ అమ్మాయి నొచ్చుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా రాయాలి?” – ఒక సోదరి, కడప

అమ్మా, ఆ అమ్మాయి నొచ్చుకోదు. మొదటి ఉద్యోగం కదా, నువ్వు ఏం రాస్తే అది చేస్తుంది. చీర అంటే చీరే కట్టుకుని, ఈ ఎండల్లో ప్రొద్దుటూరు నుంచి బస్సులో నలుగుతూ వస్తుంది. నా భయం అదే. ఆఫీసు మెసేజ్‌లోకి మీ ఆయన మాటలు ఎందుకొచ్చాయి? ఆయన నీ ఆఫీసులో పని చేయరు కదా.

సోమవారం దగ్గర పడింది కాబట్టి ముందు ఆ పని తేల్చేద్దాం. రాసిన ప్రతి లైను దగ్గరా ఆగి ‘ఎందుకు?’ అని అడుగు. జవాబు పనిలోంచి వస్తే ఉంచు, మీ ఇంట్లోంచి వస్తే కొట్టెయ్. స్లీవ్‌లెస్ వద్దనో, జీన్స్ వద్దనో కంపెనీ రూల్స్‌లో ఉంటే ‘ఇది కంపెనీ రూలు’ అని రాయి. లేకపోతే ఆ మాటే ఎత్తొద్దు. లిప్‌స్టిక్ వేసుకుంటే ఏ లోను ఫైలు ఆగిపోతుంది?

సోమవారం గురించి మాత్రం వివరంగా రాయి, ఆ రోజు తెలియక పొరపాట్లు జరుగుతాయి. మొదటి రోజని కొత్త బట్టలు కొనుక్కుని అలాగే వేసుకొస్తారు. ఒక్కసారి కూడా ఉతకని ముదురు ఎరుపు, నీలం కాటన్ చెమటకు రంగు వదిలి చంకల దగ్గర మరకలు కడుతుంది, లోపలి బట్టలకూ అంటుకుంటుంది. రెండుసార్లు ఉతికి, ఒకసారి వేసుకుని చూసిన కుర్తా చాలు. ఇంకోటి, చేరిన రోజే ఐడీ కార్డుకు ఫొటో తీసే ఆఫీసులు చాలా ఉన్నాయి. మీ దగ్గరా అంతేనేమో కనుక్కో. వెనక తెల్ల గోడ ఉండి తెల్లదో, లేత క్రీమ్‌దో వేసుకొస్తే ఫొటోలో భుజాలు గోడలో కలిసిపోతాయి. ఆ కార్డేమో ఏళ్ల తరబడి మెడలో వేలాడుతుంది. కాబట్టి ముదురు రంగు, పెద్ద పూలు, మెరుపులు లేనిది, మెడ మరీ కిందికి లేనిది వేసుకోమను. చున్నీ ఎడమ భుజం మీద మడతలు పెట్టి ఒక పిన్నుతో బిగించుకోమను. రెండు వైపులా వదిలేస్తే ఐడీ కార్డు తాడుకు చుట్టుకుంటుంది, చివర్లు కుర్చీ చక్రం కింద పడతాయి. బయట నలభై డిగ్రీలున్నా లోపల ఏసీ గాలి నేరుగా మీద పడే సీటు వస్తే మధ్యాహ్నానికి వణుకు పుడుతుంది, అందుకే పల్చటి షిఫాన్ కన్నా కాస్త మందం కాటన్ చున్నీ మేలు.

మంగళవారానికి కొత్తగా చెప్పేదేమీ లేదు. గురువారం సోమవారం బట్టలే ఉతికి వేసుకోవచ్చని తప్పకుండా రాయి. జీతం నెలాఖరుకు గానీ రాదు, అంతవరకు మూడు జతలతో సరిపెట్టుకోవచ్చని నువ్వు చెప్తే ఆ ఇంట్లో అప్పు చేసి బట్టలు కొనరు. శుక్రవారం చీర కట్టుకోవాలనిపిస్తే కట్టుకోమను, అది ఆమె ఇష్టం. పట్టు మాత్రం వద్దు, పట్టు మీద చెమట మరక పడితే డ్రైక్లీనింగ్‌కు ఇచ్చినా అంత సులువుగా పోదు. నేత కాటన్ చీరకు గంజి పల్చగా పెట్టమను. గంజి చిక్కబడితే కుచ్చిళ్లు కూర్చున్నచోట విరిగినట్టు నిలబడిపోతాయి, సాయంత్రం దాకా సరికావు.

ఇక బుధవారం. ఫీల్డ్‌కు కొత్తవాళ్లను మీ ఆఫీసులో ఏ రోజు పంపుతారో నాకు తెలియదు, బుధవారం అనుకుందాం. బండి మీద ఊళ్లకు పోవాలి, అరుగుల మీద కూర్చోవాలి, ఇల్లు చూసి, కాగితాలు సరిచూసుకుని, సంతకాలు తీసుకుని రావాలి. దానికి మోకాలి దాకా ఉండే, పక్క చీలిక ఉన్న కుర్తా, కింద స్ట్రెయిట్ ప్యాంటు కావాలి. పటియాలా లాంటి వదులు ప్యాంటు బండి ఫుట్‌రెస్ట్‌కు తగులుకుంటుంది. చున్నీ రెండు చివర్లూ నడుము దగ్గర ముడి వేసి కట్టెయ్యాలి. గాలికి వదిలేస్తే వెనక చక్రంలో చిక్కుకుంటుంది, అలా పడిపోయి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. చెప్పులకు మడమ వెనక పట్టీ ఉండాలి. ఇవన్నీ నీకు తెలియనివి కావు, ఒకప్పుడు నువ్వూ వెళ్లినదానివే.

నాకు మనసు చివుక్కుమన్నది అక్కడే. ‘నాకేం ఇబ్బంది లేదు’ అన్నావు. ఫైనాన్స్ ఆఫీసులో ఫీల్డ్‌కు వెళ్లనివాళ్లకు కస్టమర్లు ఎలా తెలుస్తారు, ఇన్సెంటివ్ ఎక్కడి నుంచి వస్తుంది, ప్రమోషన్ లిస్టు రాసేటప్పుడు మేనేజర్‌కు ఎవరి పేరు గుర్తొస్తుంది? నీకు ఇబ్బంది లేదు కాదు, ఇబ్బందిని లెక్క కట్టడం మానేశావు. వచ్చే ఏడాది ఈ ప్రొద్దుటూరు పిల్ల నీ పైన కూర్చుంటే అప్పుడు తప్పు ఆ అమ్మాయిది అనిపిస్తుంది. కాదమ్మా.

మొగుడు ‘ఈ చీర బాగుంది, ఆ రంగు నీకు నప్పదు’ అంటే అది ముచ్చట. ఆయన చొక్కా గురించి నువ్వూ అంటావు. కానీ ఆయనకు నచ్చలేదని నీ పనిలో సగం మానుకోవడం, ఎవరో కానివాళ్ల ఆడపిల్ల ఏం వేసుకోవాలో ఆయన నీ ఫోన్‌లో దిద్దడం ముచ్చట కాదు. భర్త మాటకు విలువ ఇవ్వాలని నేనూ నమ్ముతాను. నీ పొట్టకూటి పనిని చేతులారా తగ్గించుకోమనేది విలువ ఇవ్వాల్సిన మాట కాదని కూడా అంతే గట్టిగా నమ్ముతాను.

మెసేజ్ ఇక ఆయనకు చూపించకు, ఆఫీసులోనే కూర్చుని పంపెయ్. అడిగితే ‘అది ఆఫీసు పని, నేను చూసుకున్నా’ అను, అంతకన్నా సంజాయిషీ వద్దు. కొత్తమ్మాయిని మొదటిసారి ఫీల్డ్‌కు నేనే తీసుకెళ్తానని మేనేజర్‌కు రేపే చెప్పు. ఆ సంగతి మీ ఆయనకు ముందు రోజు రాత్రి చెప్పు, పొద్దున గుమ్మం దగ్గర కాదు, దాచి అసలే కాదు. అలుగుతారు, రెండు రోజులు మాట్లాడరు, అన్నం వడ్డించి నీ పని నువ్వు చేసుకో. అలకతో ఆగకుండా చెయ్యి చేసుకునే మనిషైతే మాత్రం ఒంటరిగా సర్దుకుపోవద్దు, మీ అన్నదమ్ములకో అమ్మకో వెంటనే చెప్పు. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, దానికీ ఫోన్ చెయ్యి.

నీకు ఇప్పుడు డ్రెస్సులు ఉండి ఉండవు. టైలర్లు వారం లోపల ఇవ్వరు కాబట్టి మొదటి విజిట్‌కు చెల్లెలిదో వదినదో నీకు సరిపోయేది తెచ్చుకో, ఈ సాయంత్రమే కొలతలు ఇచ్చి రెండు జతలు కుట్టించుకో. పక్క చీలిక కాస్త ఎక్కువ పెట్టమను, బండి ఎక్కేటప్పుడు పట్టెయ్యకుండా.