బూత్ మల్టిప్లయర్ ఫాస్ట్ అని రెజ్యూమెలో రాయొచ్చా?

ప్రశ్న: సార్, నేను విశాఖపట్నంలో ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నాను. మినీ ప్రాజెక్టుగా వెరిలాగ్‌లో 4 బిట్ల బూత్ మల్టిప్లయర్ చేశాను. మామూలు షిఫ్ట్ అండ్ యాడ్ కన్నా ఇది ఫాస్ట్ అని రెజ్యూమెలో రాయొచ్చా? వీఎల్ఎస్ఐ ఇంటర్వ్యూలంటే టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: ఆ ఒక్క మాట రాయకండి. "ఎంత ఫాస్ట్?" అనే తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు.

1951లో ఆండ్రూ బూత్ ప్రచురించిన ఈ పద్ధతి అసలు బలం సైన్ దగ్గర ఉంది. 3ని -2తో గుణించి చూడండి. 4 బిట్లలో -2 అంటే 1110. సాదా పద్ధతి దాన్ని 14 అనుకుని 42 ఇస్తుంది. బూత్ మాత్రం కుడి చివర ఒక 0 చేర్చి, పక్కపక్క బిట్లను జతలుగా చూస్తుంది. 10 వస్తే తీసివేత, 01 వస్తే కూడిక, 00 గానీ 11 గానీ వస్తే ఉత్త షిఫ్ట్. 1110లో 10 ఒక్కసారే, రెండో స్థానంలో వస్తుంది. అక్కడ 3 తీసేస్తే విలువ -6, లెక్క అయిపోయింది. నిజానికి సాదా పద్ధతిలోనూ మల్టిప్లికాండ్‌కు సైన్ ఎక్స్‌టెన్షన్ ఇచ్చి, చివరి బిట్ దగ్గర కూడే బదులు తీసేస్తే జవాబు సరిగ్గానే వస్తుంది. ఇంటర్వ్యూలో ఈ మాట మీరే ముందు చెప్పండి.

ఇక స్పీడ్. మల్టిప్లయర్ 0101 అయితే బూత్‌కు తీసివేత, కూడిక, మళ్లీ తీసివేత, కూడిక, మొత్తం నాలుగు పనులు. సాదా పద్ధతికి రెండు కూడికలే. పైగా బిట్‌కో క్లాక్ సైకిల్ చొప్పున నడిచే డిజైన్ అయితే రెండింటికీ నాలుగేసి సైకిళ్లే. నిజంగా లాభం కావాలంటే మూడేసి బిట్లు చూసే రాడిక్స్-4 చేయండి. అందులో 8 బిట్లకు పార్షియల్ ప్రొడక్టులు నాలుగే. కావలసినవి 0, ±1, ±2 రెట్లే కాబట్టి 3 రెట్లు లెక్కగట్టే బాధ ఉండదు.

మీ కోడ్‌లో ఒకటి వెంటనే చూసుకోండి. -8ని -8తో గుణిస్తే 64 వస్తోందా, -64 వస్తోందా? అక్యుములేటర్ 4 బిట్లే అయితే -64 వస్తుంది, ఎందుకంటే -8ని తీసేస్తే రావలసిన +8 అందులో పట్టదు. 1000 అలాగే ఉండిపోయి, షిఫ్ట్‌లో నెగటివ్‌గానే సాగుతుంది. ఒక బిట్ పెంచితే సరిపోతుంది. అలాగే రిజిస్టర్‌ను `signed` అని ప్రకటించకపోతే `>>>` కూడా సున్నాలనే లోపలికి తెస్తుంది.

4 బిట్లకు జతలు మొత్తం 256. అన్నీ టెస్ట్‌బెంచ్‌లో నడిపి, `signed` సంఖ్యల మామూలు `*` జవాబుతో పోల్చండి. రెజ్యూమెలో "ఫాస్ట్" బదులు, 256 కేసులూ పాసయ్యాయని, అక్యుములేటర్ 5 బిట్లని రాయండి.