ఎదురు మెడికల్ షాపు కొనాలా?

ప్రశ్న: మాది తెనాలి. నాన్నకు మెడికల్ షాపు ఉంది. ఎదురు షాపాయన వయసు మీద పడిందని షాపు అమ్మేస్తానంటున్నారు. స్టాకు 9 లక్షలు, ఫర్నిచర్, ఫ్రిజ్ కలిపి లక్షన్నర, గుడ్‌విల్ 5 లక్షలు అడుగుతున్నారు. రోజుకు 20 వేల కౌంటర్ ఉందట. నేను బీఫార్మసీ ఫైనలియర్. ఆ షాపు నా పేరు మీద నడిపితే ఉద్యోగం టెన్షన్ ఉండదని నాన్న అంటున్నారు. కొనొచ్చా?

జవాబు: ఆ ధరకు మాత్రం వద్దమ్మా. బేరం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.

ముందు ఆ 20 వేల మాట తేల్చుకోండి. అమ్మకాల గురించి ఆయన నోటిమాట కంటే కొనుగోళ్ల లెక్క నమ్మదగ్గది. జీఎస్టీ పోర్టల్‌లో ఆయన GSTR-2B ఏడాదిది చూపించమనండి. డిస్ట్రిబ్యూటర్లు ఆయన పేరున వేసి తమ జీఎస్టీ రిటర్నుల్లో చూపిన బిల్లులు అందులో ఉంటాయి. మార్జిన్ లెక్క తేలిగ్గా ఉండటానికి 20 శాతం అనుకుందాం. రోజుకు 20 వేలు నిజమైతే నెలకు 6 లక్షల అమ్మకం, అంటే సుమారు 4 లక్షల 80 వేల కొనుగోలు కనిపించాలి. 3 లక్షల 40 వేలే కనిపిస్తే, కౌంటర్ 14 వేల దగ్గరే ఉన్నట్టు.

తర్వాత ఒక నెల బిల్లులు తీసుకుని డాక్టర్ల పేర్ల వారీగా విడదీయండి. సగానికి పైగా చీటీలు పక్క క్లినిక్ డాక్టరువే అయితే ఆ కస్టమర్లు షాపువాళ్లు కారు, డాక్టరుగారివాళ్లు. ఆయన క్లినిక్ మారిస్తే వాళ్లూ పోతారు. బీపీ, షుగర్ మందులకు ప్రతి నెలా వచ్చేవాళ్లే నిజమైన కస్టమర్లు. వాళ్లలోనూ కొందరు ఆ షాపు మూతపడితే మీరు రూపాయి పెట్టకపోయినా రోడ్డు దాటి మీ దగ్గరికే వస్తారు. అందుకే గుడ్‌విల్‌కు 5 లక్షలు ఎక్కువ. అయితే అదే చోట ఇంకొకరు కొని కూర్చుంటే వాళ్లు మీవైపు రారు. మీరు గుడ్‌విల్ డబ్బు పెట్టాల్సింది ఆ అవకాశం మూయడానికే. కాబట్టి షాపు అద్దె అగ్రిమెంటు మీ పేరున మారాలి. అదే ప్రాంతంలో ఆయన మళ్లీ మందుల వ్యాపారం పెట్టనని రాసివ్వాలి. గుడ్‌విల్ అమ్మేటప్పుడు హద్దులు చెప్పి రాసుకునే ఇలాంటి షరతు, ఆ హద్దులు సమంజసంగా ఉంటే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కింద చెల్లుతుంది.

స్టాకు 9 లక్షలు అన్నది ఏ రేటున? ఎమ్మార్పీ మీద అయితే కొనుగోలు విలువ 7 లక్షల 20 వేలే. ఆదివారం షట్టర్ దించి మీరు, నాన్నగారు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ చూస్తూ ప్రతి అర లెక్కించండి. ఆరు నెలల్లోపు ఎక్స్‌పైర్ అయ్యేవి, ఇక్కడి నుంచి వెళ్లిపోయిన డాక్టరు బ్రాండ్లు పక్కన పెట్టండి. ఆయనకు బిల్లు వేసిన సరుకును మీ పేరున డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకోకపోవచ్చు. కాబట్టి వాటిని కొనే ముందు ఆయన చేతే రిటర్న్ చేయించాలి. ఈ రెండు రకాలూ కలిపి లక్షా 70 వేలు తేలితే మీరు ఇవ్వాల్సింది 5న్నర లక్షలే. ఇన్సులిన్, వ్యాక్సిన్ల విషయంలో ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంటోందా అని ఉష్ణోగ్రత రిజిస్టరు చూడండి. రిజిస్టరే లేకపోతే అవి తీసుకోకండి.

బయటకు కనిపించని అప్పుల్లో పెద్దది జీఎస్టీ. వ్యాపారం చేతులు మారితే, మారే తేదీ వరకు ఉన్న పన్ను, వడ్డీ, పెనాల్టీలకు అమ్మినవారూ కొన్నవారూ ఇద్దరూ బాధ్యులేనని సీజీఎస్టీ చట్టం సెక్షన్ 85 చెబుతోంది. ఆ బాకీ తర్వాత ఎప్పుడో తేలినా సరే. అందుకే రిటర్నులు, నోటీసులు మీ ఆడిటర్ చేత చూపించండి. ప్రతి డిస్ట్రిబ్యూటర్ దగ్గరా బాకీ లేదని ఉత్తరం తీసుకోండి. ధరలో లక్షన్నర ఏడాదిపాటు ఆపి ఇస్తామని, పాత బాకీ ఏది వచ్చినా ఆయనే కడతారని అగ్రిమెంటులో రాయించండి. ఈ షరతుకు ఆయన ఎంత గట్టిగా అడ్డం తిరిగితే, మీరు పాత కాగితాలు అంత లోతుగా చూడాలి.

డ్రగ్ లైసెన్సు ఆయన పేరుది. అది అమ్మకంలో రాదు. మీరు కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. స్టాకు ఎలా మార్చుకోవాలో డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ను ముందే అడిగి రాతపూర్వకంగా తెలియజేయండి. లైసెన్సు చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి, అడ్వాన్సు చాలు.

ఇక మీ సంగతి. డిగ్రీ అయ్యాక ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ వస్తే ఆ షాపుకు ఫార్మసిస్టుగా మీ పేరే వెళ్తుంది. మందులు మీ పర్యవేక్షణలో ఇవ్వాలి. అంటే కౌంటర్‌లో మీరు ఉండాలి. ఎంఫార్మసీ చేస్తూనో, హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలో ఉద్యోగం చేస్తూనో సర్టిఫికెట్ మాత్రం షాపులో తగిలించడం కుదరదు. మీకు చదువు మీద మనసుంటే ఈ మాట నాన్నగారికి బేరానికి ముందే చెప్పండి. అప్పుడు జీతానికి వేరే ఫార్మసిస్టును పెట్టుకోవాలి. 14 వేల కౌంటర్ మీద నెలకు మిగిలే 85 వేల మార్జిన్‌లోంచి అద్దె, కరెంటు, ఆ జీతం, అప్పు తెస్తే వడ్డీ తీసేసి చూడండి. మిగిలేది చూశాకే ఎంతకు కొనాలో ఆయనకు చెప్పండి.