ప్రసూతి సెలవు ఉన్న లెక్చరర్ ప్రమోషన్ ఫైలుకి హెచ్‌ఓడీ లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: బెంగళూరులో ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో హెచ్‌ఓడీగా ఈ మధ్యే బాధ్యత తీసుకున్నాను. మా అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకావిడ లెవెల్ 10 నుంచి 11కి అప్లై చేస్తున్నారు. పీహెచ్‌డీ ఉంది, నాలుగేళ్లు పూర్తయ్యాయి. మధ్యలో ఒక సెమిస్టర్ మెటర్నిటీ లీవ్‌లో ఉన్నారు. ఆ ఏడాది క్లాసుల శాతం చాలా తక్కువ కనిపిస్తోంది. నా సపోర్ట్ లెటర్‌లో ఏం రాయాలి?

జవాబు: మేడమ్, ముందు ఆ శాతం ఎలా వచ్చిందో చూడండి. లెటర్ సంగతి ఆ తర్వాత. స్క్రీనింగ్ కమిటీ ముందుకి వెళ్లే ఫైళ్లలో ఇలాంటి ఏడాది కనిపిస్తే, తప్పు ఎక్కువగా భాగహారం కింద ఉన్న అంకెలోనే ఉంటుంది.

యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం తీసుకున్న క్లాసులని కేటాయించిన క్లాసులతో భాగిస్తారు. ల్యాబ్‌లు, ట్యుటోరియల్స్ కూడా ఇందులోకే వస్తాయి. 80 శాతం, ఆపైన ఉంటే ‘గుడ్’, 70 నుంచి 80 లోపు ‘శాటిస్‌ఫాక్టరీ’, 70 కంటే తక్కువైతే ‘నాట్ శాటిస్‌ఫాక్టరీ’. అయితే ఈ గ్రేడ్లు ఉన్న పట్టిక కిందే ఒక నోట్ ఉంది. మెటర్నిటీ లీవ్ లాంటి జీతంతో కూడిన సెలవు కాలాన్ని లెక్కలోంచి తీసేయాలి, మిగిలిన కాలానికి గ్రేడ్ కట్టి దాన్నే మొత్తానికి వర్తింపజేయాలి. క్లాసులకే కాదు, మిగతా బాధ్యతల లెక్కకీ ఇదే వర్తిస్తుంది.

ఉదాహరణకి వారానికి 16 గంటల చొప్పున 30 వారాలకి 480 క్లాసులు అనుకోండి. ఆవిడ ఒక సెమిస్టర్ పూర్తిగా సెలవులో ఉండి, ఇంకో సెమిస్టర్‌లో 240కి 222 తీసుకున్నారు. ఆఫీసు వాళ్లు జూన్‌లో వేసిన టైమ్‌టేబుల్ చూసి 222ని 480తో భాగిస్తే 46 శాతం వస్తుంది. సెలవు కాలం తీసేస్తే 222 బై 240, అంటే 92.5 శాతం. అదే మనిషి, అదే పని, కానీ గ్రేడ్ అడుగు నుంచి పైకి వెళ్లిపోతుంది.

పీహెచ్‌డీతో నాలుగేళ్లకి వచ్చేవాళ్లకి ఆ నాలుగింట్లో కనీసం మూడేళ్లు ‘శాటిస్‌ఫాక్టరీ’ అయినా ఉండాలి. కాబట్టి ఒక్క ఏడాది చెడినా గండం గడుస్తుందిలే అని వదిలేస్తారు చాలామంది. అలా వదలకండి. మిగతా మూడింట్లో ఒకదానికి కమిటీ అభ్యంతరం చెప్తే మళ్లీ నిలబడటానికి ఆధారం ఉండదు.

ఇక లెటర్. ఇది ఆవిడ నింపే ప్రమోషన్ ఫారంకి బదులు కాదు. ఫారంలోని అంకె ఎందుకు అలా ఉందో కమిటీకి అర్థమయ్యేలా చేస్తుంది, అంతే. కాలేజీ లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపాల్ ద్వారా, ఒక పేజీ దాటకుండా ఉంటే చాలు. లెటర్ ఇంగ్లీషులోనే వెళ్తుంది కాబట్టి ముఖ్యమైన పేరా భావం ఇక్కడ ఇస్తున్నాను:

“ఈ విద్యా సంవత్సరంలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మంజూరైన ప్రసూతి సెలవులో ఉన్నారు, ఉత్తర్వు నంబర్ ఇది. ఆ సెమిస్టర్ క్లాసులు గెస్ట్ ఫ్యాకల్టీకి అప్పగించాం. సవరించిన టైమ్‌టేబుల్ జతచేశాం. మిగిలిన సెమిస్టర్‌లో కేటాయించిన 240లో 222 తీసుకున్నారు. సెలవు కాలాన్ని మినహాయించి గ్రేడ్ నిర్ణయించవలసిందిగా కోరుతున్నాను.”

ఇందులో ప్రాణం సవరించిన టైమ్‌టేబుల్. ఆ కాగితం లేకపోతే 480 అనే అంకె రికార్డులో అలాగే ఉండిపోతుంది, మీరు లెటర్‌లో ఎంత బాగా రాసినా సరే. దాని మీద అప్పటి హెచ్‌ఓడీ సంతకం ఉందో లేదో చూసుకోండి. 222 అనే అంకె అటెండెన్స్ రిజిస్టర్‌తోనూ, ఫారంతోనూ ఒక్కటి కూడా తేడా లేకుండా సరిపోవాలి. లెటర్‌లో 224 అని, ఫారంలో 222 అని ఉంటే కమిటీ మిగతా అంకెలన్నీ అనుమానంగా చూస్తుంది.

మీరు కొత్తగా వచ్చారు కాబట్టి మొదటి ఏళ్ల గురించి “నేను చూశాను” అని రాయొద్దు. “డిపార్ట్‌మెంట్ రికార్డుల ప్రకారం” అని రాసి, మీ హయాంలో కళ్లారా చూసినదాన్ని విడిగా పెట్టండి. అక్కడ విశేషణాల బదులు పని చెప్పండి. “అంకితభావం గల ఉపాధ్యాయురాలు” అనేది ప్రతి లెటర్‌లోనూ ఉంటుంది. “ఇంటర్నల్ పరీక్షల మార్కుల ఎంట్రీ బాధ్యత రెండు సెమిస్టర్లు చూశారు, స్టూడెంట్ సెమినార్లు నిర్వహించారు” అంటే బాధ్యతల పట్టికలో ఏ గడికి చెందుతుందో కమిటీ వెంటనే పట్టుకుంటుంది. అలాంటివి కనీసం మూడు ఉంటే ఆ భాగంలో ‘గుడ్’. ఆవిడతో కలిసి మీరు పేపర్ వేసి ఉంటే ఆ మాట ఒక వాక్యంలో ముందే చెప్పేయండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. కాన్పు ఎలా జరిగింది, ఆరోగ్యం ఎలా ఉంది, పాపని చూసుకుంటూ ఎంత కష్టపడ్డారు, ఇవేవీ రాయకండి. అడిగేది నిబంధన ప్రకారం రావలసింది. జాలి కలిసేసరికి అది మినహాయింపు అడిగినట్టు మారిపోతుంది. తేదీలు, ఉత్తర్వు నంబర్ చాలు.

మీది ఇంజనీరింగ్ కాలేజీ అయితే ఏఐసీటీఈ నిబంధనలు వేరు, ఈ లెక్క నేరుగా వాడకండి. డిగ్రీ కాలేజీ అన్నారు కాబట్టి, లెటర్‌కి సెలవు ఉత్తర్వు, సవరించిన టైమ్‌టేబుల్, రిజిస్టర్ పేజీల నకళ్లు అదే వరుసలో జతచేసి ప్రిన్సిపాల్‌కి పంపండి.