తోలు దీపం కొనేది ఎవరు? వివరణ రాసే తీరు అక్కడే తేలుతుంది

ప్రశ్న: నేను బీకాం పూర్తి చేసి, నిమ్మలకుంట గ్రామంలో తయారయ్యే తోలు లాంప్‌షేడ్లు, బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న సంస్థలో వస్తువుల వివరణలు రాసే పనిలో చేరాను. నేను రాసినది ఆఫీసు ఉత్తరంలా ఉందని, సరదాగా రాయమని యజమాని అంటున్నారు. దేనికి ఎలా రాయాలో తెలిసేదెలా? ఈ పనితో ముందుకు వెళ్లగలనా? (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: మీ యజమాని ఇష్టాన్నీ మీ అలవాటునూ కాసేపు పక్కన పెట్టి, ఆ వివరణ చదివి డబ్బు చెల్లించేది ఎవరో, కొనేముందు వారు దానిని ఇంకెవరికైనా చూపించవలసి ఉంటుందో లేదో చూడండి.

ఒక హోటల్ కోసం నలభై లాంప్‌షేడ్లు కొనదలచిన మేనేజరు మీ వివరణను తన పై అధికారికీ, అకౌంట్స్ విభాగానికీ పంపుతారు. దీపాన్ని ఎన్నడూ చూడని వారికి మీ సరదా వాక్యం అడ్డంకి అవుతుంది. అక్కడ మీ ఆఫీసు ఉత్తరమే సరైనది: "చేతితో చిత్రించిన మేకతోలు లాంప్‌షేడ్. ఎత్తు 30 సెంటీమీటర్లు. చేతిపని అయినందున రంగులోను, కొలతలోను స్వల్ప తేడాలు ఉండవచ్చును. జీఎస్టీ బిల్లు ఇవ్వబడును."

అదే దీపాన్ని తన ఇంటి హాలు కోసం ఒక గృహిణి చూస్తున్నప్పుడు "ఇవ్వబడును" అన్న మాట ఆమెను గుమ్మం బయటే నిలబెడుతుంది. ఆమెకు ఎదురుగా కూర్చుని చెప్పినట్టు రాయండి: "లైటు వేయగానే చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు గోడ మీద పడతాయి. తోలు పలుచన కాబట్టి వేడి తక్కువగా ఉండే ఎల్ఈడీ బల్బే పెట్టండి. దుమ్ము పడితే తడిగుడ్డ వద్దు, పొడి మెత్తటి గుడ్డ చాలు." రెండింటిలోనూ దీపం ఒక్కటే. మారినదల్లా క్రియల ముగింపు, ఏ విషయం ముందు చెప్పామన్నది. తెలుగులో ఈ తేడా చాలావరకు క్రియ చివరనే ఉంటుంది కనుక, మొదటి వాక్యంలో "పెట్టండి" అని, మూడో వాక్యంలో "పెట్టవలెను" అని రాస్తే ఇద్దరు మనుషులు వంతులవారీగా మాట్లాడినట్టు ఉంటుంది.

మీ యజమాని కోరే సరదాకు చోటు పిల్లల కోసం కొనే చిన్న తోలుబొమ్మల దగ్గర ఉంది. తోలుబొమ్మలాటలో పురాణ కథ మధ్యలో దూరి నవ్వించే బంగారక్క, కేతిగాడు మన చేతిలోనే ఉన్నారు కదా: "కేతిగాడు మీ ఇంటికి బయలుదేరాడు, అల్లరిని కూడా మూట కట్టుకుని వస్తున్నాడు. తెర కోసం అమ్మనడిగి ఒక పాత తెల్లచీర సిద్ధంగా ఉంచండి." అయితే పుల్లలు పదునుగా ఉంటాయని, ఏ వయసు పిల్లలకు తగునో చెప్పే వాక్యంలో నవ్వు వద్దు, ఎందుకంటే దానిని చదివేది తల్లిదండ్రులు. శ్రీరామ పట్టాభిషేకం చిత్రించిన లాంప్‌షేడ్‌కు కేతిగాడి గొంతు పెడితే, దానిని భక్తితో కొనదలచినవారు నొచ్చుకుని వెళ్లిపోతారు.

గొంతు ఏదైనా మేకతోలు అన్న మాట మాత్రం మాయం కాకూడదు. గతంలో నా దగ్గర శిక్షణ పొందిన ఒక అబ్బాయి, వినడానికి ఇంపుగా ఉంటుందని "వెలుగు ప్రసరించే సంప్రదాయ పదార్థం" అని రాశాడు. పూజగదిలో పెట్టుకోవాలని కొన్న ఒకావిడ విషయం తెలిసి దానిని వెనక్కి పంపించారు. ఆవిడ తప్పేమీ లేదు.

పెద్ద అమ్మకపు వేదికలలో శీర్షిక, కొలతలు, పదార్థం వంటివి నిర్ణీత గడులలో నింపాలి. అక్కడ కొనేవారు వెతికే మామూలు పేరే రాయండి, కేతిగాడి చమత్కారాన్ని ఎవరూ వెతకరు. మీ గొంతుకు చోటు ఎక్కువగా దిగువన ఉండే వర్ణనలోనే దొరుకుతుంది.

మీ ఎంపిక కుదిరిందో లేదో కొనుగోలుదారుల ప్రశ్నలే చెబుతాయి. వివరణలో ఉన్న ఎత్తునే మళ్లీ మళ్లీ అడుగుతున్నారంటే మీ ముచ్చట్లు దానిని కప్పేశాయి. "చెప్పినట్టు లేదు" అని వస్తువు తిరిగి వస్తోందంటే మీ మాటలు దీపాన్ని మించిపోయాయి. మార్చి చూడాలనుకున్నప్పుడు ఫోటో, ధర కదపకుండా వర్ణన ఒక్కటే మార్చి, కొన్ని వారాలు ఆగండి. దీపావళి ముందు వారాలను ఈ లెక్కలోకి తీసుకోకండి, అప్పుడు దీపాలు ఎలా రాసినా కదులుతాయి.

ఇక ఉద్యోగం సంగతి. క్యాటలాగ్ పనికి గానీ, ప్రకటనల రచనకు గానీ దరఖాస్తు చేసేటప్పుడు, రాసినవన్నీ గుట్టగా పంపడం కన్నా, ఈ ఒక్క దీపానికి హోటల్ కోసం ఒకటి, ఇంటి కోసం ఒకటి రాసిన వర్ణనలను పక్కపక్కన పెట్టండి. వాటితో కేతిగాడి బొమ్మ వర్ణననూ జతచేసి, ఒక్కొక్కదాని కింద అది ఎవరి కోసమో, దేనిని ముందుకు తెచ్చారో రెండు వాక్యాలలో రాయండి. మీ యజమానికి కూడా వచ్చే వారం ఇదే కాగితం చూపించి, ఏ వస్తువును ఎవరు ఎక్కువగా కొంటున్నారో ఆయన దగ్గరున్న ఆర్డర్లలోంచి అడిగి తీసుకోండి.