గురువు ఎవరికి గురువు? ఇంగ్లీషు 'గురు'లో జారిపోయిన షష్ఠీ విభక్తి

ప్రశ్న: గురువు అంటే సంస్కృతంలో 'చీకటిని పోగొట్టేవాడు' అని అసలు అర్థమట కదా? మరి ఇంగ్లీషులో మార్కెటింగ్ గురు, ఫిట్‌నెస్ గురు అంటూ ఎవరిని పడితే వారిని గురువు చేసేస్తున్నారు. ఈ రెండింటికీ ఏమైనా పొంతన ఉందా? తెలుగులో రాసేటప్పుడు ఆ మాటను అలాగే ఉంచాలా?

జవాబు:

సంస్కృతం చదువుకుని, తర్వాత చాలా ఏళ్లు ఒక తెలుగు పత్రిక డెస్కులో ఇంగ్లీషు వార్తలు అనువదించాను. అందువల్ల ఈ మాట రెండు వైపుల నుంచీ నా చేతికి వచ్చింది. ముందు చీకటి సంగతి చూద్దాం.

మీరు విన్న అర్థానికి ఆధారం ఒక శ్లోకం. శుక్ల యజుర్వేదానికి చెందినదిగా లెక్కించే అద్వయతారకోపనిషత్తులో ఉంది:

గుశబ్దస్త్వంధకారః స్యాత్ రుశబ్దస్తన్నిరోధకః ।
అంధకారనిరోధిత్వాత్ గురురిత్యభిధీయతే ॥

'గు' అంటే చీకటి, 'రు' అంటే దాన్ని అడ్డుకునేది, చీకటిని అడ్డుకుంటాడు కనుక గురువు అంటున్నారు అని దీని భావం. గురుగీతలోనూ ఇలాంటి శ్లోకమే కనిపిస్తుంది. అర్థం ఎంతో బాగుంది. అయితే వ్యాకరణం ప్రకారం ఆ పదం పుట్టింది అలా కాదు. సంస్కృత ధాతువుల జాబితా అయిన ధాతుపాఠంలో 'గు' ధాతువు లేకపోలేదు. కానీ అస్పష్టంగా ధ్వని చేయడం వంటి అర్థాలే దానికి ఉన్నాయి. 'రు' ధాతువుకూ శబ్దం చేయడమే ప్రధానార్థం. చీకటి, దాన్ని తొలగించడం అనే అర్థాలు ఆ రెండింటిలోనూ లేవు.

వ్యాకరణం చూపే దారి వేరు. ధాతువుల నుంచి పదాలు ఎలా పుట్టాయో చెప్పే ఉణాది సూత్రాల్లో 'కృగ్రోరుచ్చ' అనేది 'గౄ' ధాతువు మీద 'ఉ' ప్రత్యయాన్ని చేర్చి, ధాతువులోని ౠకారాన్ని 'ఉర్'గా మార్చి 'గురు' రూపాన్ని సాధిస్తుంది. 'కృ' నుంచి 'కురు' వచ్చేదీ ఈ సూత్రంతోనే. ఆ గౄ ధాతువుకు పలకడం, ఉపదేశించడం అని ఒక అర్థం, మింగడం అని మరో అర్థం. అజ్ఞానాన్ని మింగేవాడు గురువు అని కొందరు వ్యాఖ్యాతలు చెప్పింది ఈ రెండో అర్థాన్ని పట్టుకునే.

భాషాశాస్త్రం ఇంకా వెనక్కి వెళ్లి, 'బరువైన' అనే విశేషణాన్ని చూపిస్తుంది. ఋగ్వేదం నాలుగో మండలంలో 'గురుం భారం' అనే మాట ఉంది. అక్కడ గురు అంటే బోధకుడు కాదు, బరువైనది. గ్రీకులో 'బరుస్', లాటిన్‌లో 'గ్రావిస్' దీనికి దాయాదులు. బారోమీటర్‌లోని 'బారో', గ్రావిటీలోని 'గ్రావ్' ఈ కుటుంబానివే. గ్రావిటీని మనవాళ్లు గురుత్వాకర్షణ అన్నప్పుడు, తెలిసో తెలియకో, ఒకే మూలం నుంచి పుట్టిన రెండు మాటలు మళ్లీ కలుసుకున్నాయి. గరిమ, గరిష్ఠం కూడా ఇక్కడివే.

ఈ పాత అర్థం తెలుగువాళ్ల నోట ఇప్పటికీ ఉంది, ఛందస్సులో. ఒక మాత్ర కాలంలో పలికేది లఘువు, రెండు మాత్రలు పట్టేది గురువు. 'పద్యం' అనే మాటలో 'ప' హ్రస్వమే అయినా, దాని తర్వాత 'ద్య' అనే సంయుక్తాక్షరం ఉంది కాబట్టి గురువవుతుంది. అక్కడ గురువు అంటే బరువు, లఘువు అంటే తేలిక, అంతే. బరువైనవాడు, కుటుంబంలో మాటకు బరువున్నవాడు, పూజ్యుడు, బోధించేవాడు అని ఆ అర్థం మెట్లు ఎక్కుతూ వచ్చింది.

అలాగని చీకటి శ్లోకాన్ని తప్పని పక్కన పెట్టేయడం నాకు సమ్మతం కాదు. అది వ్యుత్పత్తి కాదు, నిర్వచనం. మన సంప్రదాయంలో ఇవి రెండు వేర్వేరు పనులు. వేదపదాలకు అర్థాలు వివరించే నిరుక్తంలో యాస్కుడు ఈ సంగతి సూటిగానే చెప్పాడు: అక్షరాల పోలికను బట్టి అయినా సరే పదానికి అర్థం చెప్పాలి, చెప్పకుండా మాత్రం వదలకూడదు. 'పుత్' అనే నరకం నుంచి తప్పించేవాడు కనుక పుత్రుడు అని మనువు చెప్పింది ఈ పద్ధతిలోనే. పున్నామ నరకం అనే మాట తెలుగిళ్లలో అందరికీ తెలుసు, కానీ దాన్ని ఎవరూ వ్యాకరణ పాఠంగా చదవరు. కొడుకు నుంచి ఏమి ఆశించారో అది చెబుతుంది. గురువు నుంచి ఏమి ఆశించారో చీకటి శ్లోకం చెబుతుంది.

ఏమి ఆశించారో మరింత వివరంగా తెలియాలంటే, చిన్నప్పటి నుంచీ మనం అప్పజెప్పే ఇంకో శ్లోకాన్ని కాస్త ఆగి చదవాలి:

అజ్ఞానతిమిరాంధస్య జ్ఞానాంజనశలాకయా ।
చక్షురున్మీలితం యేన తస్మై శ్రీగురవే నమః ॥

తిమిరం అంటే చీకటి అని మామూలుగా చెప్పేస్తాం. కానీ ఆయుర్వేదంలో తిమిరం ఒక కంటి జబ్బు. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో దృష్టికి సంబంధించిన రోగాల్లో దాన్ని వివరించాడు. అంజనం కంటికి పెట్టే మందు, శలాక ఆ మందును పెట్టే పుల్ల. ఇలా చదివితే శ్లోకం మొత్తం ఒక వైద్యుడు చేసే పనిలా కనిపిస్తుంది. చీకటి గదిలో లేదు, శిష్యుడి కంట్లో ఉంది. గురువు దీపం పట్టుకుని వస్తువులు చూపించడం లేదు, కన్ను తెరుచుకునేలా చేస్తున్నాడు. ఆ తర్వాత చూడవలసింది శిష్యుడే. సమాచారం ఇచ్చేవాడికీ గురువుకీ ఉన్న తేడా నాకు ఈ పుల్ల దగ్గరే బోధపడింది. పుల్లతో మందు పెట్టాలంటే ఎదుట ఒక మనిషి కూర్చోవాలి, కన్ను అప్పగించాలి. దూరం నుంచి, ఎవరో తెలియని వెయ్యిమందికి ఒకేసారి చేయగల పని కాదది.

ఇక ఇంగ్లీషు సంగతి. పదిహేడో శతాబ్దం తొలి భాగంలోనే ఈ మాట ఇంగ్లీషు రాతల్లోకి వెళ్లింది. అప్పుడు దాని అర్థం హిందువుల మతబోధకుడు అనే. పట్టు సడలింది ఇరవయ్యో శతాబ్దంలో, ముఖ్యంగా 1960లలో. 1968లో బీటిల్స్ బృందం రిషీకేశ్‌లోని మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చినప్పుడు పాశ్చాత్య పత్రికల నిండా ఈ మాటే. ఆ దశకంలోనే కెనడా ప్రసారమాధ్యమ సిద్ధాంతకర్త మార్షల్ మెక్లూహన్‌ను గురు అనడం మొదలైంది. ఆయన ఎవరికీ మంత్రోపదేశం చేయలేదు, కొత్త విషయాన్ని అధికారంతో మాట్లాడాడు. తర్వాత మేనేజ్‌మెంట్, వ్యాయామం, వంట, పెట్టుబడులు, అన్నిటికీ గురువులు వచ్చేశారు.

చాలామంది దీన్ని పవిత్రత పోవడం అంటారు. నా దృష్టిలో పోయింది అది కాదు, షష్ఠీ విభక్తి. సంస్కృతంలో గురువు ఎప్పుడూ ఒకరికి గురువు. మనుస్మృతి రెండో అధ్యాయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. గర్భాధానం మొదలైన సంస్కారాలు జరిపి, అన్నం పెట్టి పెంచేవాడు గురువు అని ఒక చోట ఉంది. అంటే తండ్రి. ఉపనయనం చేసి వేదం మొత్తం చెప్పేవాడు ఆచార్యుడు. జీవిక కోసం వేదంలో ఒక భాగమో వేదాంగాలో చెప్పేవాడు ఉపాధ్యాయుడు. ఇంత కచ్చితంగా విడదీసిన ఆ అధ్యాయమే కాసేపటికి తలుపులు బార్లా తెరిచేస్తుంది: 'అల్పం వా బహు వా యస్య శ్రుతస్యోపకరోతి యః, తమపీహ గురుం విద్యాత్'. కొంచెమైనా ఎక్కువైనా, ఎవరికి ఎవరు చదువులో ఉపకారం చేస్తారో, వారినీ గురువుగానే తెలుసుకోవాలి. ఇంతకంటే ఉదారమైన నిర్వచనం ఇంగ్లీషులోనూ లేదు. కానీ అందులోని 'యస్య', అంటే 'ఎవరికి' అన్న మాట చూడండి. ఎంత వదులుగా వాడినా ఆ ముడి మాత్రం విప్పలేదు.

ఇంగ్లీషు మాటలో గురు ముందు మనిషి ఉండడు, రంగం ఉంటుంది. మార్కెటింగ్ గురు అంటే మార్కెటింగ్ తెలిసినవాడు. ఎవరికి నేర్పాడు, వాళ్లకు వచ్చిందా అన్న ప్రశ్న పుట్టదు. శిష్యులు లేకుండా గురువు కావచ్చు. కొంతవరకు దీనికి భిన్నంగా ఉన్నది ప్రోగ్రామర్ల వాడుక ఒక్కటే. వాళ్లు ఏళ్ల తరబడి కూర్చుకున్న పదకోశం 'జార్గన్ ఫైల్' ప్రకారం, గురు అంటే నైపుణ్యం ఒక్కటే చాలదు, ఇతరులకు తెలియజెబుతూ వచ్చిన చరిత్ర కూడా ఉండాలి. మనువు చెప్పిన 'ఉపకరోతి' అక్కడ మిగిలి ఉంది.

ఇంగ్లీషు తన ఇంట్లో ఈ మాటను ఎలా వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. మన 'ఏం గురూ' అనే పలకరింపులోనూ శిష్యరికం లేదు. చిక్కు వచ్చేది ఆ ఇంగ్లీషు అర్థం వేషం మార్చుకోకుండా తెలుగు వార్తలోకి తిరిగి వచ్చినప్పుడు. డెస్కులో మేము ఎదుర్కొన్నటువంటి వాక్యం ఒకటి చెబుతాను. ఇంగ్లీషు ప్రతిలో ఒకతన్ని స్టాక్ మార్కెట్ గురు అన్నారు. తెలుగులో 'స్టాక్ మార్కెట్ గురువు' అని రాస్తే, చదివేవారి మనసులో ఆయనకు గురువుకిచ్చే నమ్మకం మొత్తం జమ అవుతుంది. కాబట్టి అతను ఏమి చేస్తాడని ముందు చూడాలి. రుసుము తీసుకుని పెట్టుబడి సలహాలు ఇస్తూ, 2013 నాటి నిబంధనల కింద సెబీలో నమోదై ఉంటే 'పెట్టుబడి సలహాదారు'. మార్కెట్ పోకడల గురించి రాస్తూ, మాట్లాడుతూ ఉంటే 'విశ్లేషకుడు'. వీడియోల్లో షేర్ల పేర్లు చెప్పడమే పని అయితే 'వీడియోల్లో షేర్ల గురించి సూచనలు చేసే వ్యక్తి' అని ఉన్నదున్నట్టు రాయడమే మేలు. వాక్యం పొడుగవుతుంది, అయినా ఎవరి డబ్బూ ఆ ఒక్క బిరుదు చూసి కదలదు.

అదే పద్ధతిలో ఫిట్‌నెస్ గురు వ్యాయామ శిక్షకుడో శిక్షకురాలో అవుతారు. మేనేజ్‌మెంట్ గురు నిర్వహణశాస్త్ర నిపుణుడు, లేదా ఆ రంగంలో పుస్తకాలు రాసిన రచయిత. ఏదీ కుదరకపోతే 'దిట్ట' అనే చక్కని మాట మనకుంది. వ్యక్తి పేరులోనో, కార్యక్రమం పేరులోనో 'గురు' ఉంటే మాత్రం అది పేరు కాబట్టి మార్చకూడదు.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. ఇంగ్లీషులో ట్రైనర్, టీచర్ అని ఉందని కూచిపూడి కళాకారిణి వార్తలో 'ఆమె శిక్షకుడు' అని రాసుకొచ్చేవారు కొత్తగా చేరినవాళ్లు. ఆమె ఫలానా వారి దగ్గర ఏళ్ల తరబడి అడుగులు నేర్చుకుని, ఆయన ఎదుటే అరంగేట్రం చేసి, ఇంటర్వ్యూలో 'మా గురువుగారు' అంటోంది. అక్కడ శిక్షకుడు అన్న మాట కొట్టేసి 'గురువు' అని దిద్దేదాన్ని.