ఓవర్‌టైమ్ డబ్బులు అడిగే ఉత్తరంలో కోపం తీసేసి ఏం రాయాలి?

మాది చిత్తూరు దగ్గర పల్లె. కువైట్‌లో ఒక కంపెనీ గోడౌన్‌లో పనిచేసే మా తమ్ముడు ఓటీ డబ్బులు ఇవ్వలేదని "మీరు దొంగలు, మా రక్తం తాగుతున్నారు" అని ఉత్తరం రాసుకున్నాడు. పంపేముందు ఎలా మార్చాలి?

తిట్టు ఉన్న ప్రతిచోటా తేదీలు, గంటలు, రావాల్సిన మొత్తం, గడువు పెట్టండి. "దొంగలు" అంటే కంపెనీ ఆ మాటనే పట్టుకుని అసలు విషయం పక్కన పెడుతుంది. "40 గంటలు" అంటే మాత్రం రిజిస్టర్ తీసి చూడాల్సిందే; ఓటీకి విడిగా రిజిస్టర్ ఉంచాలని కువైట్ 2010 కార్మిక చట్టమే చెబుతోంది.

లెక్క ఇలా. జీతం 130 దినార్లయితే 26తో భాగించాలి, రోజుకు 5. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 0.625. మామూలు పనిరోజు ఓటీకి దాని మీద 25 శాతం ఎక్కువ, అంటే సుమారు 0.781. సెలవు రోజుల రేటు ఇంకా ఎక్కువ.

ఉత్తరంలో ఇలా రాయొచ్చు: "మార్చిలో 20 పనిరోజులు, రోజుకు 2 గంటల చొప్పున 40 గంటలు అదనంగా పనిచేశాను. నాకు 31.250 దినార్లు రావాలి. తేదీల పట్టిక జతచేశాను. 15 రోజుల్లో చెల్లించండి. లేకపోతే కార్మిక శాఖలో ఫిర్యాదు చేస్తాను."

ఇంటి డ్రైవర్లకు, వంటవాళ్లకు చట్టం వేరు, ఈ లెక్క వాళ్లకు పనికిరాదు.

ఓటీ చేయమని కాగితం ఇవ్వలేదు కాబట్టి అడగలేమని చాలామంది అనుకుంటారు. అది తప్పు. కాగితం లేకపోయినా సూపర్‌వైజర్ వాట్సాప్ మెసేజ్, తోటివాళ్ల సాక్ష్యం లాంటివాటితో నిరూపించుకోవచ్చు.