పరుగు ఆపేసిన పాపకి కావాల్సింది ఇంకో టెస్టు కాదు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా పాప ఏడో తరగతి, పన్నెండేళ్లు నిండాయి. స్కూల్లో ఫిట్‌నెస్ టెస్టులో 600 మీటర్ల పరుగు సగంలో ఆపేసింది. అప్పట్నుంచి గేమ్స్ పీరియడ్ అంటే చాలు కడుపునొప్పి అంటోంది. ఇప్పుడేమో ‘ఫిజికల్ లిటరసీ’ అని కొత్తగా పెడతారట. అది కూడా ఇలాంటి టెస్టేనా?

జవాబు: అమ్మా, ముందు హిమోగ్లోబిన్ చూపించండి. ఈ వయసులో 12 కంటే తక్కువుంటే రక్తహీనతే, ఆ పిల్ల ఆయాసపడి ఆగిపోవడంలో వింతేమీ లేదు. పరిగెత్తితే పిల్లికూతలు వస్తున్నా, కళ్లు తిరుగుతున్నా డాక్టరుకి చూపించాకే మిగతా సంగతులు.

ఇక ఫిజికల్ లిటరసీ. 1993 నుంచి ఈ ఆలోచనకి రూపం ఇచ్చింది మార్గరెట్ వైట్‌హెడ్ అనే బ్రిటిష్ వ్యాయామ విద్యావేత్త. ఒళ్లు కదిలించాలన్న ఇష్టం, నావల్ల అవుతుందన్న ధైర్యం, చేయగల నేర్పు, ఎందుకు చేస్తున్నామో తెలియడం, ఈ నాలుగూ కలిసి జీవితాంతం నిలవాలన్నది ఆమె మాట. ఫిట్‌నెస్ అలా కాదు, సాధన మానేస్తే కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది. పైగా ఈ వయసు పిల్లల స్కోరులో ఎవరు ముందు ఎదిగారన్నదీ కలిసిపోతుంది. ఆటలో నేర్పేమో చాలావరకు ఆ ఆటకే పరిమితం, కబడ్డీలో కూత బాగా పెట్టే పిల్ల నీళ్లంటే భయపడొచ్చు.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, మీ పొలంలో బోదె దాటడమే తీసుకోండి. ఫిట్‌నెస్ చూసే మాస్టారు, పిల్ల నిలబడిన చోటు నుంచి ఎంత దూరం దూకిందో టేపుతో కొలుస్తారు, ఆట నేర్పేవారు లాంగ్ జంప్‌లో పలక మీద అడుగు ఎలా పడాలో దిద్దుతారు. ఫిజికల్ లిటరసీ కోసం పాఠం రాసుకున్న మాస్టారైతే నేల మీద ముగ్గుతో రెండు గీతలు గీస్తారు, ఒక కొసన జానెడు, రెండో కొసన నాలుగడుగుల ఎడం ఉండేలా, ఎక్కడ దూకాలో పిల్లే ఎంచుకుంటుంది. (ఏటవాలుగా కట్టిన తాడుతో ముస్కా మోస్టన్ అనే వ్యాయామ విద్యావేత్త చెప్పిన పాత పద్ధతే ఇది.) అందులో అందరూ దూకుతారు, ఎవరూ అవుట్ కారు. మాస్టారు రాసుకునేది కూడా వేరే: పోయిన వారం ఎక్కడ దూకింది, ఈ వారం తనంతట తాను వెడల్పు వైపు జరిగిందా, మోకాళ్లు వంచి దిగిందా, తూలితే ఎందుకు తూలిందో చెప్పగలిగిందా.

అలాగని 600 మీటర్ల పరుగు దండగ అనను, గుండె, ఊపిరితిత్తుల సత్తువ తెలియాల్సిందే. కానీ అదే స్కోరు షీటుకి పైన పేరు మార్చి ఫిజికల్ లిటరసీ అంటే మాత్రం నేను ఒప్పుకోను. అందుకే స్కూల్లో ఒక్కటి అడగండి: మా పాపని ఎవరితో పోలుస్తారు, క్లాసుతోనా, పోయిన నెల తనతోనా? క్లాసుతోనే అంటే మీ అనుమానం నిజమే, అది ఇంకో టెస్టే.

కడుపునొప్పి ఆదివారాలు కూడా వస్తుంటే అది గేమ్స్ పీరియడ్ టెన్షన్ అని వదిలేయకండి, పాపని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.